‘ఐ యామ్ అగ్రీ’: ఆ ‘యామ్’ ఎక్కడి నుంచి వస్తోంది, ఎలా తీసేయాలి

మీటింగ్ చివర్లో మేనేజర్ ‘డు యు ఆల్ అగ్రీ?’ అని అడుగుతారు. మనవాళ్లలో ఒకరు వెంటనే ‘యస్ సర్, ఐ యామ్ అగ్రీ’ అంటారు. అందరికీ అర్థమవుతుంది, ఎవరూ సరిదిద్దరు, మీటింగ్ ముగుస్తుంది. అలా ఎవరూ సరిదిద్దకపోవడం వల్లే ఈ తప్పు పదేళ్ల ఉద్యోగం తరవాత కూడా నోట్లో అలాగే ఉండిపోతుంది. ‘హి ఈజ్ కమ్’, ‘ఐ యామ్ పాస్’, ‘వుయ్ ఆర్ జాయిన్’, ‘ఇట్ ఈజ్ డిపెండ్స్’ అన్నీ ఈ కుటుంబానివే.

స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుల్లో దీనికి ఇచ్చే మందు సాధారణంగా ఒకటే: ‘అక్కడ యామ్ రాకూడదు, తీసెయ్’. తీసేస్తే ‘ఐ యామ్ అగ్రీ’ బాగుపడుతుంది. కానీ అదే మందు ‘హి ఈజ్ కమ్’కు వేస్తే ‘హి కమ్’ అవుతుంది, అదీ తప్పే. ‘ఐ యామ్ కన్ఫ్యూజ్’కు వేస్తే ‘ఐ కన్ఫ్యూజ్’ అవుతుంది, అది ఇంకా పెద్ద తప్పు. తప్పు చూడటానికి ఒకలాగే ఉంటుంది గానీ దిద్దుబాట్లు నాలుగు రకాలు. ఎక్కడ ఏది వేయాలో మన తెలుగు మాట తోకే చెబుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ తోక గురించే.

ముందు, ఇది మన నోట్లోకి ఎలా వచ్చింది

‘నేను నర్సుని’, ‘ఆయన డాక్టరు’, ‘ఇది మా ఇల్లు’. ఈ మూడు వాక్యాల్లో క్రియే లేదు చూడండి. ఇంగ్లీషులో ఇక్కడ యామ్, ఈజ్ తప్పనిసరి. తెలుగులో ఇలాంటి వాక్యాల్లో వాటికి సమానమైన మాట రాదు. అందుకని మొదటి ఇంగ్లీషు పాఠంలో ‘ఐ యామ్ ఎ బాయ్’ చెప్పినప్పుడు పిల్లవాడు ‘ఐ యామ్’ మొత్తాన్ని కలిపి ‘నేను’ అని నేర్చుకుంటాడు. ‘హి ఈజ్’ అంటే ‘అతను’, ‘దే ఆర్’ అంటే ‘వాళ్లు’. ఇక ‘నేను ఒప్పుకుంటాను’ అనాలంటే ‘నేను’ దగ్గర ‘ఐ యామ్’ వచ్చేస్తుంది, ‘ఒప్పుకుంటాను’ దగ్గర ‘అగ్రీ’ వచ్చేస్తుంది. వాడి లెక్కలో వాక్యంలో ఎక్కువ మాటేదీ లేదు.

రెండో కారణం గురించి క్లాసుల్లో పెద్దగా మాట్లాడరు, కానీ నాకు అసలు దొంగ అదే అనిపిస్తుంది. ఇంగ్లీషు క్రియల్ని తెలుగులో వాడేటప్పుడు మనం వాటికి ‘చేయడం’ గానీ ‘అవ్వడం’ గానీ తగిలిస్తాం. కాల్ చేశాను, ఆర్డర్ చేశాను, బుక్ చేశాను అంటాం. అగ్రీ అయ్యాను, జాయిన్ అయ్యాను, పాస్ అయ్యాను, కన్ఫ్యూజ్ అయ్యాను, సెలెక్ట్ అయ్యాను అంటాం. ‘కాల్ చేశాను’ అనే మనిషి ‘ఐ యామ్ కాల్’ అనడం తక్కువ. ‘జాయిన్ అయ్యాను’ అనే మనిషి మాత్రం ‘ఐ యామ్ జాయిన్’ దగ్గరికి సులభంగా జారిపోతాడు. ఆ ‘అయ్యాను’కు ఇంగ్లీషులో ఏదో ఒక చోటు ఇవ్వాలని మనసు వెతుకుతుంది, ఖాళీగా కనిపించే ‘యామ్’లో దాన్ని కూర్చోబెడుతుంది.

మూడోది ‘లేదు’. ‘ఆయన ఇంట్లో లేరు’ అంటే ‘హి ఈజ్ నాట్ ఎట్ హోమ్’. అంటే లేరు అన్నా లేదు అన్నా ‘ఈజ్ నాట్’ అని ఒక ముద్ర పడిపోయింది. ‘రాలేదు’లో కూడా ఆ ‘లేదు’ ఉంది కదా, అందుకే ‘హి ఈజ్ నాట్ కమ్’. తప్పే అయినా, దాని వెనక ఒక లెక్క ఉంది.

మొదటి మెట్టు: బీ ఫామ్ పక్కన ఏం కూర్చోవచ్చో గుర్తుపట్టడం

యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్. క్లాసుల్లో వీటిని బీ ఫామ్స్ అంటారు. వీటి తరవాత ‘ఎవరు’ రావచ్చు: ఐ యామ్ ఎ నర్స్. ‘ఎలా’ రావచ్చు: ఐ యామ్ రెడీ. ‘ఎక్కడ’ రావచ్చు: ఐ యామ్ ఎట్ హోమ్, ఐ యామ్ ఫ్రమ్ ఒంగోలు. క్రియ రావాలంటే మాత్రం అది వేషం మార్చుకుని రావాలి. ఇంగ్ తగిలించుకుని రావాలి, ‘కమింగ్’ లాగా. లేదా వీ త్రీ రూపంలో రావాలి, ‘సెలెక్టెడ్’ లాగా. ఉత్త వీ వన్, అంటే అగ్రీ, కమ్, గో, జాయిన్ లాంటివి, మామూలు వాక్యంలో అక్కడ కూర్చోవు.

ఇబ్బంది ఎక్కడంటే, ‘అగ్రీ’ క్రియో కాదో చాలామందికి తెలియదు. రెడీ, ఓకే, హ్యాపీ, అవేర్, అఫ్రెయిడ్ వరసలో అది కూడా ఒకటిలే అనుకుంటారు. తెలుగులో ‘నాకు ఓకే’, ‘నాకు సమ్మతమే’ అంటాం కాబట్టి ఒప్పుకోవడం ఒక పనిలా కాకుండా ఒక స్థితిలా అనిపించడం సహజమే. అనుమానం వస్తే ఆ మాటను నిన్నటికి తీసుకెళ్లి చూడండి. ‘అగ్రీ’ నిన్నటికి ‘అగ్రీడ్’ అవుతుంది, కాబట్టి క్రియ. ‘హ్యాపీ’ని నిన్నటికి తీసుకెళితే ‘హ్యాపీడ్’ అనలేం. ‘ఐ వాజ్ హ్యాపీ’ అనాలి. అంటే మారింది యామ్, హ్యాపీ మారలేదు. కాబట్టి హ్యాపీ క్రియ కాదు, దానికి యామ్ కావాలి.

ఈ పరీక్ష నూటికి నూరుపాళ్లు పనిచేయదు. కొన్ని మాటలు రెండు పడవల మీద కాళ్లు పెడతాయి. ‘ఓపెన్’ అలాంటిదే. ‘ది షాప్ ఈజ్ ఓపెన్’ సరైనదే, ఎందుకంటే ఓపెన్ అంటే తెరవడమే కాదు, తెరిచి ఉన్న అని కూడా. దాని ధైర్యంతో ‘ది షాప్ ఈజ్ క్లోజ్’ అంటే మాత్రం తప్పు. ‘క్లోజ్’కు మూసి ఉన్న అనే అర్థం లేదు, ‘క్లోజ్డ్’ అనాలి. షట్టర్ మీద వేలాడే బోర్డు చూడండి: ఒక వైపు ఓపెన్, రెండో వైపు క్లోజ్డ్. చివర ఆ ‘డ్’ ఒక వైపే ఉంటుంది. క్లీన్, డ్రై, ఫ్రీ కూడా ఓపెన్ లాంటివే.

రెండో మెట్టు: మీ తప్పులు మీకు కనబడేలా చేసుకోవడం

మాట్లాడేటప్పుడు ఇది మన చెవికి వినబడదు. అందుకని రాసినదాంతో మొదలుపెట్టండి. మీరు పంపిన ఓ పది మెయిల్స్ తీసి ఒకే డాక్యుమెంట్‌లో పెట్టండి. `Ctrl+F` కొట్టి `I am` అని వెతకండి, ఆ తరవాత `is`, `are`, `was`. ప్రతి చోటా ఆగి పక్క మాట ఒక్కటే చూడండి. పక్కనే ‘నాట్’, ‘ఆల్సో’, ‘టోటల్లీ’, ‘ఆల్రెడీ’ లాంటివి ఉంటే వాటిని దాటి తరవాతి మాట చూడండి. ‘ఐ యామ్ టోటల్లీ అగ్రీ’ లాంటివి ఎక్కువగా అక్కడే దాక్కుంటాయి, మధ్యలో ఒక మాట అడ్డం వచ్చేసరికి తప్పు కంటికి తగలదు.

మాటల కోసం ఫోన్లో రెండు నిమిషాలు రికార్డు చేసుకోండి. నిన్న ఏం చేశారో చెప్పండి, లేదా మీ గురించి చెప్పుకోండి. వినేటప్పుడు మిగతా తప్పుల జోలికి పోకండి, బీ ఫామ్స్ మాత్రమే పట్టుకోండి. అన్నీ ఒకేసారి దిద్దాలనుకుంటే ఏదీ దిద్దలేరు.

మూడో మెట్టు: తెలుగు తోక చూసి మందు వేయడం

తప్పు వాక్యం దొరికింది. ఇంగ్లీషు రూల్ గుర్తుచేసుకునే ముందు, అదే మాట మీరు అమ్మతో అయితే తెలుగులో ఎలా అంటారో అనుకోండి. ‘హి ఈజ్ కమ్’నే తీసుకుందాం. ఇది తెలుగులో ఏమిటి?

‘వస్తాడు’ అయితే, అంటే రోజూ వస్తాడు అనే అర్థంలో, ఈజ్ తీసేయాలి: ‘హి కమ్స్ ఎవ్రీ డే’. రేపు వస్తాడు అయితే ‘హి విల్ కమ్’.

‘వస్తున్నాడు’ అయితే ఈజ్ ఉండాలి, ఇంగ్ చేరాలి: ‘హి ఈజ్ కమింగ్’. ‘వస్తున్నాడు’లోని ‘ఉన్నాడు’ వినిపిస్తోంది కదా, ఇంగ్లీషు ఈజ్ దానికి జత.

‘వచ్చాడు’ అయితే ఈజ్ పోవాలి, కాలం మారాలి: నిన్న వచ్చాడు అయితే ‘హి కేమ్ యెస్టర్డే’. ఇప్పుడే వచ్చాడు, లోపల కూర్చున్నాడు అనే అర్థంలో అయితే ‘హి హ్యాజ్ కమ్’. ఎప్పుడు వచ్చాడో చెబితే కేమ్, ఎప్పుడన్నది చెప్పకుండా ఇప్పుడు వచ్చి ఉన్నాడు అనేదే ముఖ్యమైతే హ్యాజ్ కమ్. చాలాసార్లు ఈ తేడా సరిపోతుంది.

ఒకే తప్పు వాక్యం, తెలుగులో మూడు తోకలు, ఇంగ్లీషులో ఐదు జవాబులు. ‘హి ఈజ్ కమ్’ విన్న అవతలి మనిషికి ఇబ్బంది కూడా ఇదే. వచ్చాడా, వస్తున్నాడా? డెలివరీ అబ్బాయి గురించో, డాక్టర్ గారి గురించో అయితే ఆ తేడా వల్ల పని ఆగిపోతుంది.

ఇక ‘అగ్రీ’ సంగతి. ‘ఒప్పుకుంటాను’ అన్నా, ‘ఒప్పుకుంటున్నాను’ అన్నా ఇంగ్లీషులో ఒకటే: ‘ఐ అగ్రీ’. ‘వస్తున్నాడు’ లాగా ‘ఐ యామ్ అగ్రీయింగ్’ అని మామూలుగా అనరు. నో, థింక్, వాంట్, లైక్, నీడ్, అండర్‌స్టాండ్, బిలాంగ్, డిపెండ్, మీన్ కూడా ఎక్కువగా ఇంతే. ఇవి కాళ్లూ చేతులతో చేసే పనులు కావు, మనసులోనో, వస్తువుల మధ్య సంబంధంలోనో ఉండేవి. (థింక్ మాత్రం కూర్చుని ఆలోచించడం అనే అర్థంలో ఇంగ్ తీసుకుంటుంది. ‘ఐ థింక్ హి ఈజ్ రైట్’లో ‘అనుకోవడం’ అనే అర్థంలో తీసుకోదు.)

నా అనుమానం ఏమిటంటే, మన తప్పుల్లో సగం ఈ వరసలోంచే పుట్టాయి. మనిషి మొదట ‘ఐ యామ్ అగ్రీయింగ్’, ‘ఐ యామ్ అండర్‌స్టాండింగ్’ అంటాడు. ఎవరో ‘అక్కడ ఇంగ్ రాదు’ అంటారు. ఇంగ్ తీసేస్తాడు. యామ్ మిగిలిపోతుంది. ఇలాంటి వాక్యాల్లో ఇంగ్, బీ ఫామ్ జంటగా వస్తాయి, పోయేటప్పుడు కూడా జంటగానే పోవాలి. ‘ఇట్ ఈజ్ డిపెండ్స్ ఆన్ ది రేట్’లో ఈజ్ తీసేస్తే ‘ఇట్ డిపెండ్స్ ఆన్ ది రేట్’. అంతే, ఇంకేమీ అక్కర్లేదు.

నాలుగో మెట్టు: ‘అయ్యాను’ మాటల్ని రెండు గుంపులుగా విడగొట్టడం

అసలు చిక్కు ఇక్కడుంది. జాయిన్ అయ్యాను, సెలెక్ట్ అయ్యాను. తెలుగులో రెండూ ఒకే అచ్చు. ఇంగ్లీషులో మొదటిది ‘ఐ జాయిన్డ్’, రెండోది ‘ఐ వాజ్ సెలెక్టెడ్’. ఒకదానికి బీ ఫామ్ లేదు, ఇంకోదానికి ఉంది. ఎలా తెలుస్తుంది?

‘ఎవరు చేశారు?’ అని అడగండి. జాయిన్ అవ్వడం ఎవరు చేశారు? నేనే వెళ్లి చేరాను. కాబట్టి ఐ జాయిన్డ్. అగ్రీ, పాస్, ఫెయిల్, రిటైర్, రిజైన్, లాగిన్, సక్సీడ్ అన్నీ ఇందులోకే వస్తాయి. పనిచేసినవాడే వాక్యంలో ముందున్నాడు, బీ ఫామ్‌తో పనిలేదు. ‘మా నాన్నగారు రిటైర్ అయ్యారు’ అంటే ‘మై ఫాదర్ రిటైర్డ్ లాస్ట్ ఇయర్’. ‘పాస్ అయ్యాను’ అంటే ‘ఐ పాస్డ్’. ‘ఐ యామ్ పాస్’ అని మన పిల్లలు రిజల్ట్స్ రోజు ఆనందంగా అరుస్తారు, ఆ రోజు మాత్రం దిద్దకండి పాపం.

సెలెక్ట్ చేసింది ఎవరు? నేను కాదు, కంపెనీ. ప్రమోషన్ ఇచ్చింది ఎవరు? పైవాళ్లు. కన్ఫ్యూజ్ చేసింది ఎవరు? ఆ ఫారమ్, లేదా ఆ మనిషి. పని మన మీద జరిగింది. ఇక్కడ బీ ఫామ్ ఉండాలి, క్రియ వీ త్రీలోకి మారాలి: ఐ వాజ్ సెలెక్టెడ్, షి వాజ్ ప్రమోటెడ్, ఐ యామ్ కన్ఫ్యూజ్డ్. మాట్లాడేటప్పుడు ‘ఐ గాట్ సెలెక్టెడ్’ అన్నా చక్కగా సరిపోతుంది. మన ‘అయ్యాను’కు ‘గాట్’ చాలా దగ్గర చుట్టం.

ఈ రెండో గుంపులో బీ ఫామ్ తీసేస్తే అర్థం తిరగబడుతుంది. ‘ఐ సెలెక్టెడ్’ అంటే నేను ఎవరినో ఎంపిక చేశాను అని. అందుకే ‘యామ్ తీసెయ్’ అన్న ఒక్క మందు పనిచేయదన్నాను.

ఇంట్రెస్టెడ్, బోర్డ్, టైర్డ్, మ్యారీడ్, ఎక్సైటెడ్ కూడా ఈ గుంపే. ఇక్కడ మన తప్పు బీ ఫామ్ కాదు, చివరి ‘డ్’ మింగేయడం. వేగంగా మాట్లాడేటప్పుడు ఆ ‘డ్’ ఎదుటివాళ్ల నోట్లో సగమే వినిపిస్తుంది. మనం విన్నది విన్నట్టు ‘ఐ యామ్ ఇంట్రెస్ట్’ అని నేర్చుకుంటాం. పైగా తెలుగులో ‘ఇంట్రెస్ట్‌గా ఉంది’, ‘కన్ఫ్యూజ్‌గా ఉంది’ అని వాడేస్తాం కాబట్టి ‘డ్’ ఉండాలన్న అనుమానమే రాదు.

ఐదో మెట్టు: ‘లేదు’, ప్రశ్నలు

కాదని చెప్పేటప్పుడు కూడా తోకే దారి చూపిస్తుంది. ‘రావట్లేదు’ అంటే ‘హి ఈజ్ నాట్ కమింగ్’. ఇక్కడ ఈజ్ న్యాయమైనదే. ‘రాలేదు’ అంటే, నిన్న రాలేదు అయితే ‘హి డిడ్ నాట్ కమ్’, ఇంకా రాలేదు అయితే ‘హి హ్యాజ్ నాట్ కమ్ యెట్’. ‘రాడు’ అంటే ‘హి డజ్ నాట్ కమ్’ లేదా ‘హి విల్ నాట్ కమ్’. ‘ఒప్పుకోను’ అంటే ‘ఐ డు నాట్ అగ్రీ’. ‘తెలీదు’ అంటే ‘ఐ డు నాట్ నో’. ‘ఐ యామ్ నాట్ నో’ అన్నది ఎక్కడా కుదరదు.

ప్రశ్నలో ఒక చిన్న ఎర ఉంటుంది. ‘ఆర్ యు అగ్రీ?’ అని మీరు అడిగితే అవతలివాళ్లు మర్యాదకు ‘యస్, ఐ డు’ అంటారు. మీరు ఆర్ అన్నారు, వాళ్లు డు అన్నారు. వాళ్ల జవాబే మీ ప్రశ్నను దిద్దింది, గమనించాలి. వీ వన్ క్రియతో ప్రశ్న మామూలుగా డు, డజ్, డిడ్‌తో వస్తుంది: డు యు అగ్రీ? వేర్ డు యు లివ్? వాట్ డజ్ దిస్ మీన్? ‘వేర్ ఆర్ యు లివ్?’ అని అలవాటైపోయినవాళ్లు ‘వేర్ ఆర్ యు ఫ్రమ్?’ని పక్కన పెట్టుకుని చూడండి. అక్కడ క్రియ లేదు, అందుకే ఆర్ వచ్చింది. లివ్ క్రియ, అందుకే డు.

ఒక సెల్ఫ్ ఇంట్రడక్షన్‌ను ముందు పెట్టుకుని

ఇంటర్వ్యూ ప్రాక్టీసులో నేను తరచూ వినే మాటల్ని కలిపి ఒక పరిచయం తయారుచేశాను:

‘గుడ్ మార్నింగ్ సర్. ఐ యామ్ బిలాంగ్స్ టు తెనాలి. ఐ యామ్ కంప్లీట్ మై డిగ్రీ ఇన్ 2022. మై ఫాదర్ ఈజ్ వర్క్ ఇన్ ఎ రైస్ మిల్. నౌ ఐ యామ్ లివ్ ఇన్ హైదరాబాద్. లాస్ట్ ఇయర్ ఐ యామ్ జాయిన్ ఇన్ ఎ కాల్ సెంటర్. ఐ యామ్ వెరీ ఇంట్రెస్ట్ ఇన్ దిస్ జాబ్.’

నమస్కారం పక్కన పెడితే ఆరు వాక్యాలు, ఆరు బీ ఫామ్స్, ఆరు వాక్యాలూ తప్పే. ఒక్కొక్కటిగా వెళదాం.

‘మాది తెనాలి.’ తెలుగులో ఇక్కడ క్రియే లేదు. కాబట్టి యామ్ సరైనదే, బిలాంగ్స్ అనవసరం: ‘ఐ యామ్ ఫ్రమ్ తెనాలి’. బిలాంగ్‌ను బతికించాలని చూడకండి. ఊరు చెప్పడానికి ‘ఫ్రమ్’ చాలు.

‘డిగ్రీ పూర్తిచేశాను.’ తోక ‘చేశాను’, ఎవరు చేశారంటే నేనే. యామ్ పోతుంది, సంవత్సరం చెప్పాం కాబట్టి వీ టూ వస్తుంది: ‘ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2022’. ‘ఐ యామ్ కంప్లీటెడ్’ అన్నది మన దగ్గర బాగా చలామణీలో ఉంది, అదీ తప్పే. డిగ్రీని నేను పూర్తిచేశాను గానీ నన్ను ఎవరూ పూర్తిచేయలేదు.

‘నాన్న రైస్ మిల్లులో పనిచేస్తారు.’ తోక ‘చేస్తారు’. ఈజ్ పోతుంది, కానీ వెళుతూ ఒక ‘ఎస్’ వదిలి వెళుతుంది: ‘మై ఫాదర్ వర్క్స్ ఇన్ ఎ రైస్ మిల్’. హి, షి, ఇట్ ఉన్నచోట ఈజ్ తీసిన ప్రతిసారీ ఈ ‘ఎస్’ సంగతి చూడండి. చాలామంది ఈజ్ తీసేసి ‘మై ఫాదర్ వర్క్’ దగ్గర ఆగిపోతారు.

‘ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను.’ ఇక్కడ రెండు దారులున్నాయి. ‘ఐ లివ్ ఇన్ హైదరాబాద్’ అంటే స్థిరంగా ఉంటున్నట్టు. ‘ఐ యామ్ లివింగ్ ఇన్ హైదరాబాద్’ అంటే ప్రస్తుతానికి, హాస్టల్లోనో రూమ్‌లోనో. రెండూ సరైనవే, మధ్యలో వేలాడే ‘ఐ యామ్ లివ్’ ఒక్కటే తప్పు.

‘పోయిన ఏడాది కాల్ సెంటర్లో జాయిన్ అయ్యాను.’ నేనే చేరాను: ‘లాస్ట్ ఇయర్ ఐ జాయిన్డ్ ఎ కాల్ సెంటర్’. ‘కాల్ సెంటర్లో’లోని ‘లో’ వల్ల వచ్చిన ‘ఇన్’ కూడా ఇక్కడ అక్కర్లేదు, యామ్‌తో పాటు సాగనంపేయొచ్చు.

చివరిది ‘ఇంట్రెస్ట్ ఉంది’. ఇక్కడ యామ్ ఉండాలి, ‘డ్’ చేరాలి: ‘ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్ ఇన్ దిస్ జాబ్’.

ఆరింట్లో చివరికి రెండు యామ్‌లు మాత్రం మిగిలాయి, మొదటి వాక్యంలో ఒకటి, ఆఖరి వాక్యంలో ఒకటి. ‘లివింగ్’ దారి పట్టినవాళ్లకు మూడు. ‘యామ్‌లన్నీ తీసెయ్’ అని చెప్పి ఉంటే ‘ఐ ఫ్రమ్ తెనాలి’, ‘ఐ వెరీ ఇంట్రెస్టెడ్’ దగ్గర తేలేవాళ్లం.

మరి ‘హి ఈజ్ రిజన్’ ఎలా రైటు?

ఈస్టర్ రోజు స్టేటస్‌లలో, చర్చి ఫ్లెక్సీల మీద ‘హి ఈజ్ రిజన్’ అని చూస్తాం. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్లో అలాగే ఉంది. యోహాను సువార్త 10వ అధ్యాయం 10వ వచనంలో ‘ఐ యామ్ కమ్’ అన్న మాట కూడా అందులో ఉంది. అణుబాంబు శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ 1965లో టీవీలో గీత 11వ అధ్యాయంలోని ‘కాలోఽస్మి’ శ్లోకాన్ని గుర్తుచేసుకుంటూ ‘నౌ ఐ యామ్ బికమ్ డెత్’ అన్నాడు. ఒక కుర్రాడు క్లాసులో ఈ వీడియో చూపించి ‘ఆయనకు రాదా సర్ ఇంగ్లీషు?’ అని నన్ను నిలదీశాడు.

వచ్చు. పాత ఇంగ్లీషులో రావడం, పోవడం, లేవడం, మారడం లాంటి క్రియలకు హ్యావ్ బదులు బీ ఫామ్ వాడేవారు. ఇవాళ ‘హ్యాజ్ కమ్’ అనేచోట అప్పుడు ‘ఈజ్ కమ్’ అనేవారు. అక్కడున్న కమ్ వీ వన్ కాదు, వీ త్రీ. కమ్‌కు వీ వన్, వీ త్రీ రెండూ ఒకేలా ఉంటాయి (కమ్, కేమ్, కమ్), బికమ్‌కు కూడా అంతే. అందుకే మన తప్పులా కనిపిస్తుంది. రిజన్ చూస్తే అసలు రూపం బయటపడుతుంది, అది ‘రైజ్’ కాదు కదా. ఆ వాడుక ఇప్పుడు ప్రార్థనల్లో, పాత శైలిలో మిగిలింది. మామూలు మాటల్లో దాని ఆనవాళ్లు ‘హి ఈజ్ గాన్’, ‘ఐ యామ్ డన్’. ఆఫీసు మెయిల్లో ‘ది కస్టమర్ ఈజ్ కమ్’ అని రాసి బైబిల్ సాక్ష్యం చూపించలేం.

ఇంకొక మోసం చెవిలో జరుగుతుంది. సినిమాల్లో, కాల్స్‌లో ‘హీజ్ కమ్’, ‘షీజ్ గాన్’, ‘హీజ్ అగ్రీడ్’ అని వినిపిస్తుంది. ఆ ‘జ్’ ఈజ్ కావచ్చు, హ్యాజ్ కావచ్చు. `he's` అని రాసినా రెండింటికీ ఒకటే. తరవాత ఇంగ్ ఉంటే ఈజ్. ‘హీజ్ కమ్’లో అది హ్యాజ్. మనం దాన్ని ఈజ్ అనుకుని విడదీసి, తీరిగ్గా ‘హి ఈజ్ కమ్’ అని పలుకుతాం.

‘వుయ్ ఆర్ అగ్రీడ్’ కూడా అప్పుడప్పుడు వినబడుతుంది, ముఖ్యంగా మీటింగుల్లో ‘ఆర్ వుయ్ అగ్రీడ్?’ అని. అందరం ఒక మాట మీదికి వచ్చాం అనే అర్థంలో అది సరైన ఇంగ్లీషే. నా ఒక్కడి అభిప్రాయం చెప్పడానికి మాత్రం ‘ఐ అగ్రీ’నే. ఇంకా ‘ఆల్ ఐ డిడ్ వాజ్ కాల్ హిమ్’ లాంటి వాక్యాల్లో బీ ఫామ్ పక్కన వీ వన్ నిజంగానే వస్తుంది. నేను చేసిందల్లా అతనికి ఫోన్ చేయడమే అని అర్థం. ఇక్కడ వాజ్‌కు కర్త మనిషి కాదు, ‘నేను చేసిందల్లా’ అనే మొత్తం ముక్క. ముందున్నది ఐ, హి, వుయ్ అయితే ఈ మినహాయింపు వర్తించదు.

నోటికి ఎక్కించడం

కాగితం మీద దిద్దుకున్నాక కూడా నోరు పాత దారే పడుతుంది, ఎందుకంటే ‘ఐ యామ్’ ఒకే మాటలా అతుక్కుపోయి ఉంది. దాన్ని విడదీయడానికి ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. ఒకరు ‘డు యు’తో అడగాలి, ఇంకొకరు ముందు ‘ఐ డు’ అని, వెంటనే పూర్తి వాక్యం చెప్పాలి. ‘డు యు అగ్రీ?’ ‘ఐ డు. ఐ అగ్రీ.’ ‘డు యు లివ్ హియర్?’ ‘ఐ డు. ఐ లివ్ హియర్.’ నోట్లో ‘డు’ పడ్డాక అదే ఊపులో ‘యామ్’ రావడం కష్టం. మీ సొంత రికార్డింగ్‌లో దొరికిన ఐదారు క్రియలతోనే చేయండి, రోజుకు ఐదు నిమిషాలు చాలు. వారం తరవాత మళ్లీ రెండు నిమిషాలు రికార్డు చేసి మొదటిదాని పక్కన పెట్టి వినండి.

రెండో రికార్డింగ్‌లో కొత్త తప్పు ఒకటి దొరికే అవకాశం ఉంది: ‘ఐ కమింగ్’, ‘హి బిజీ’, ‘దే నాట్ ఎట్ హోమ్’. యామ్ అంటే భయం పట్టుకుని, ఉండాల్సినచోట కూడా తీసేసినప్పుడు ఇలా అవుతుంది. ఇది కనబడితే ‘డు యు’ అభ్యాసం ఆపి, రెండు మూడు రోజులు ‘ఆర్ యు రెడీ?’ ‘ఐ యామ్. ఐ యామ్ రెడీ’, ‘ఆర్ యు కమింగ్?’ ‘ఐ యామ్. ఐ యామ్ కమింగ్’ చేయండి. ఆ తరవాత రెండు రకాల ప్రశ్నల్నీ కలిపి, ఏది వస్తుందో ముందే తెలియకుండా అడిగించుకోండి. ప్రశ్నలో డు వినబడితే జవాబులో డు, ఆర్ వినబడితే జవాబులో యామ్.